మెత్తటి టైరుకి పట్టెక్కువ.. ఆయుష్షు తక్కువ!

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డు, సచివాలయం చుట్టూ కరెంటు కార్లు దూసుకుపోయాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ ఫొటోలు ఫోన్లో మళ్లీ తీసి, కారుని వదిలేసి చక్రాల్ని జూమ్ చేసి చూడండి. టైర్ల నిండా గాడులుంటాయి, అచ్చం మన ఇంటి ముందున్న కారు టైరుకి ఉన్నట్టే. ఆ రోజు ఎండ కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది. మరి ఫార్ములా వన్‌లో ఎండ రోజు చక్రాలు బోడిగుండులా నున్నగా ఉంటాయి కదా, ఇక్కడ గాడులెందుకు?

దీనికి జవాబు కావాలంటే ముందు నున్నటి టైరు సంగతి తెలియాలి. దానికి మన దేశంలోనే జరిగిన ఒక రేసు భలే ఉదాహరణ.

రెండు ల్యాపులకే టైర్లు మార్చేశాడు

2013 అక్టోబరు 27. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఇండియన్ గ్రాండ్ ప్రీ. మొత్తం 60 ల్యాపులు. టైర్ల కంపెనీ పిరెల్లి ఆ రేసుకి రెండు రకాల నున్నటి టైర్లు తెచ్చింది. ఒకటి సాఫ్ట్, రెండోది మీడియం. పొడి రేసులో రెండు రకాలూ వాడి తీరాలన్నది రూలు. సాఫ్ట్‌ని 15 ల్యాపులు, మీడియంని 35 ల్యాపులు దాటించొద్దని పిరెల్లి టీములకు ముందే సూచించింది.

అక్కడ ఒక ల్యాపు అంటే 5 కిలోమీటర్ల పైచిలుకు. పదిహేను ల్యాపులంటే దాదాపు 77 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే, మార్కాపురంలో బయలుదేరి గిద్దలూరు వెళ్లి, వెనక్కి తిరిగి కంభం చేరేలోపే ఆ టైరు పని అయిపోయినట్టే. మన బైకు టైరు ఏళ్ల తరబడి తిరుగుతుంది మరి!

ముందు రోజు క్వాలిఫయింగ్‌లో సెబాస్టియన్ వెటెల్ సాఫ్ట్ టైర్లతోనే అందరికంటే వేగంగా తిరిగి మొదటి స్థానం కొట్టేశాడు. ఒక్క ల్యాపు పరుగుకి సాఫ్ట్‌ని మించింది లేదు. కానీ అప్పటి రూలు ప్రకారం ముందున్న పది మందీ క్వాలిఫయింగ్‌లో వాడిన టైర్లతోనే రేసు మొదలుపెట్టాలి. రేసు మొదట్లో కారు ట్యాంకు నిండా పెట్రోలు ఉంటుంది. ఆ బరువు కింద సాఫ్ట్ ఎక్కువసేపు నిలవదని వెటెల్ టీముకి తెలుసు. అందుకే రెండో ల్యాపు చివర్లోనే పిట్‌లోకి పిలిచి మీడియం వేసేశారు. వెటెల్ బయటికొచ్చేసరికి పదిహేడో స్థానంలో ఉన్నాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ, దాదాపు 30 సెకన్ల తేడాతో గెలిచి, వరసగా నాలుగోసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అంటే, అన్నిటికంటే వేగమైన టైరుని ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదన్నమాట. వినడానికి వింతగానే ఉంది కదా?

బలపం చెప్పే సంగతి

దేశమంతటికీ పలకలు పంపిన ఊరు మార్కాపురం. పలక మీద రాసిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మెత్తటి బలపం తెల్లగా, ముద్దగా రాస్తుంది, కానీ చూస్తుండగానే అరిగిపోతుంది. గట్టి బలపం నెలల తరబడి ఉంటుంది గానీ, గీత సన్నగా పడుతుంది, పలక మీద కీచుమంటూ జారుతుంది. టైరు కథ కూడా సగం ఇదే. మిగతా సగం రబ్బరు గుణంలో ఉంది.

తారురోడ్డు పైకి చదునుగా కనిపించినా, దగ్గరగా చూస్తే అంతా కంకర మొనలు, గుంటలే. గట్టి రబ్బరు ఆ మొనల తలల మీదే ఆగిపోతుంది. మెత్తటి రబ్బరు గుంటల్లోకి దిగిపోయి రాయిని చుట్టూ కప్పేస్తుంది. రోడ్డుకి నిజంగా తగిలే రబ్బరు పెరుగుతుంది, దాంతో పట్టూ పెరుగుతుంది.

ఇంకో కిటుకు కూడా ఉంది. రబ్బరు బంతిని నొక్కి వదిలితే ఠక్కున లేస్తుంది. మెమరీ ఫోమ్ దిండుని నొక్కి వదిలితే మెల్లగా, బద్ధకంగా లేస్తుంది. రేసు టైరు రబ్బరు ఆ దిండు లాంటిది. టైరు జారబోయినప్పుడు రాయి ముందువైపు రబ్బరు గట్టిగా ఒత్తుకుంటుంది. వెనకవైపు రబ్బరు మాత్రం ఇంకా కోలుకోకపోవడంతో రాయిని అంత గట్టిగా నెట్టదు. ఈ తేడా వల్లే జారుడుకి అడ్డు పడుతుంది. ఇంజినీర్లు దీన్ని హిస్టరీసిస్ అంటారు. రబ్బరు అలా మింగేసిన శక్తి ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది.

అరుగుదల మొదలయ్యేది కూడా ఇక్కడే. రబ్బరంటే పొడవాటి దారాల్లాంటి అణువుల చిక్కుముడి. గంధకం కలిపి వేడి చేస్తే ఆ దారాల మధ్య ముడులు పడతాయి. ముడులు ఎక్కువైతే రబ్బరు గట్టిపడుతుంది. ముడులు తగ్గించి నూనెలు, జిగురు పదార్థాలు కలిపితే మెత్తబడుతుంది. మెత్తటి దాన్ని కంకర మొన పట్టుకుని లాగితే ముక్క ఊడి రోడ్డు మీదే ఉండిపోతుంది. వేడెక్కే కొద్దీ ఇంకా బలహీనపడి ఇంకా త్వరగా ఊడుతుంది. రేసు మధ్యలో ట్రాక్ అంచుల్లో నల్లగా ఉండల్లాంటివి కనిపిస్తాయి చూడండి, అవి ఇలా రాలిన రబ్బరే. పెన్సిల్ గీత చెరిపాక కాగితం మీద మిగిలే రబ్బరు పొట్టు లాంటిదే.

అలాగని వేడి పూర్తిగా శత్రువేం కాదు. రేసు టైరు సుమారు 100 డిగ్రీల దగ్గరే బాగా పనిచేస్తుంది. చల్లగా ఉంటే రబ్బరు బిరుసెక్కి జారుతుంది, పై పొర చిరిగి వడియాల్లా ముద్దకడుతుంది. మరీ వేడెక్కితే లోపలి రబ్బరు ఉడికి పైన బొబ్బలు లేస్తాయి. టీవీలో స్లో మోషన్‌లో టైరుని చూపించినప్పుడు ఈ రెండూ కంటికే తెలుస్తాయి.

నోయిడా రేసులోనే ఒకే టీముకి చెందిన ఇద్దరి కథ చూడండి. ఇద్దరివీ లోటస్ కార్లే. పదిహేడో స్థానంలో మొదలెట్టిన రొమేన్ గ్రోజాన్ సాఫ్ట్‌ని జాగ్రత్తగా 13 ల్యాపుల దాకా లాగి, తర్వాత మీడియంతో మిగిలిన 47 ల్యాపులూ పూర్తిచేసి మూడోవాడిగా వచ్చాడు. కిమి రైకోనెన్ ఏడో ల్యాపులోనే మీడియం వేసుకుని, ఆ ఒక్క సెట్టుతోనే చివరిదాకా నెట్టుకొద్దామనుకున్నాడు. యాభై ల్యాపులకి ఆ టైర్లు చేతులెత్తేశాయి. వెనకవాళ్లు ఒక్కొక్కరే దాటిపోతుంటే ఇంకో రెండు ల్యాపులుండగా పిట్‌లోకి వెళ్లి కొత్త టైర్లు వేసుకోక తప్పలేదు. చివరికి ఏడో స్థానం. ట్విస్టేంటంటే, ఆ కొత్త టైర్లతో తిరిగిన ఆఖరి ల్యాపే ఆ రోజు మొత్తం రేసులో అత్యంత వేగమైన ల్యాపు! అప్పటికి పెట్రోలు తగ్గి కారు తేలికయిన మాట నిజమే. కానీ మిగతా కార్లూ అంతే తేలికయ్యాయి. తేడా టైరులోనే ఉంది.

మరి గాడులెందుకు?

పొడి రోడ్డు మీద గాడి వల్ల పట్టు తగ్గుతుందే తప్ప పెరగదు. గాడి ఉన్నంత మేర రబ్బరు రోడ్డుని తాకదు. పైగా గాడుల మధ్య మిగిలిన రబ్బరు దిమ్మలు మలుపుల్లో అటూ ఇటూ వంగుతాయి. ఫార్ములా వన్‌లో 1998 నుంచి 2008 దాకా పొడి టైర్లకి కూడా నిలువు గాడులు పెట్టించారు. ఎందుకంటే మలుపుల్లో కార్ల వేగం తగ్గించడానికి! 2009లో మళ్లీ నున్నటివి తెచ్చారు.

గాడి అక్కరకొచ్చేది వాన పడినప్పుడే. నీళ్లు పోవడానికి దారి లేకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు వేసినా ఒకటే. ఫార్ములా వన్ కుండపోత టైరు గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 85 లీటర్ల నీటిని పక్కకి తోసేస్తుందని పిరెల్లి చెబుతుంది. నాలుగైదు బిందెల నీళ్లు, ఒక్క సెకన్లో!

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. ఫార్ములా ఈలో ఎండకొకటి, వానకొకటి అని వేరు టైర్లు ఉండవు. ఆ సీజన్ నుంచి హాంకూక్ కంపెనీ ఇస్తున్న ఒకే రకం టైరు అన్నిటికీ. పంక్చరైతే తప్ప రేసు మధ్యలో మార్చరు. వాన పడినా పనికి రావాలి కాబట్టి గాడులు, మొదటి నుంచి చివరిదాకా నిలవాలి కాబట్టి గట్టి రబ్బరు. దానికి తోడు బ్యాటరీ లెక్క ఉంది. మెత్తటి టైరు వేడిగా మార్చేసే శక్తి బ్యాటరీ నుంచి రావాల్సిందే కదా. వెర్న్ ఆ రోజు గెలిచింది కూడా చివరి ల్యాపుల్లో మిగిలిన కొద్దిపాటి చార్జింగ్‌ని పొదుపుగా వాడుకుంటూ, వెనకే తరుముతున్న నిక్ కాసిడీని అడ్డుకుంటూనే. పట్టు తక్కువైన టైరుతో, దుమ్ము లేచే సిటీ రోడ్డు మీద, బ్యాటరీ చూసుకుంటూ నడపడం నా లెక్కలో ఫార్ములా వన్ కంటే తేలికేం కాదు.

మీ బైకు సంగతి

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో బైకులు వంచి తిప్పే కుర్రాళ్లలో ఒక మాట వినిపిస్తుంటుంది. 'టైరు అరిగి నున్నగైతే రేసు టైరులా పట్టు ఎక్కువేలే బ్రో' అని. అది తప్పు. రేసు టైరుకి పట్టు వచ్చేది నునుపు వల్ల మాత్రమే కాదు, లోపలి మెత్తటి రబ్బరు వల్ల, దాని వేడి వల్ల. మీ బైకు టైరు వేల కిలోమీటర్లు రావడానికి చేసిన గట్టి రబ్బరు. పైగా ఏళ్ల ఎండకి ఇంకా బిరుసెక్కి ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద అది రేసు టైరంత వేడెక్కదు కూడా. చినుకు పడితే నీళ్లు పోయే దారి కూడా ఉండదు.

చూసుకోవడం రెండు నిమిషాల పని. టైరు పక్క గోడ మీద చిన్న త్రిభుజం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. దానికి ఎదురుగా గాడి అడుగున చిన్న రబ్బరు మిట్ట కనిపిస్తుంది. పైరబ్బరు అరిగి ఆ మిట్టతో సమానమైతే టైరు మార్చాల్సిందే. అరుగుదల తక్కువే ఉన్నా, పక్క గోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే రబ్బరు బిరుసెక్కిందని అర్థం. తయారీ తేదీ కూడా అక్కడే ఉంటుంది. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే, 2019లో ఇరవై మూడో వారంలో తయారైన టైరన్నమాట.