వీపులోకి పాకే నొప్పి... గ్యాసే అనుకోవద్దు!

బసంత్‌నగర్‌లో ఒకాయన ఆదివారం దావత్‌లో మటన్, మందు గట్టిగానే తీసుకున్నారనుకుందాం. అర్ధరాత్రి కడుపు పైభాగంలో మొదలైన తీవ్రమైన నొప్పి వీపులోకి పాకింది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతోంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. వాంతులైనా, గ్యాస్ మాత్ర వేసుకున్నా తగ్గట్లేదు. ఇది పాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు కావచ్చు.

క్లోమం జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు ఉంటుంది. అందుకే నొప్పి వీపులోకి పాకుతుంది. క్లోమంలో తయారయ్యే జీర్ణరసాలు పేగులోకి చేరాకే పనిచేయాలి. మద్యం వల్లనో, పిత్తాశయంలోంచి జారిన రాయి అడ్డుపడటం వల్లనో అవి లోపలే పని మొదలుపెట్టి క్లోమాన్నే దెబ్బతీస్తాయి. కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది, అప్పుడు రాయి జారవచ్చు. కాబట్టి మద్యం ముట్టనివారికీ ఈ జబ్బు రావచ్చు.

ఇలాంటి నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గుండెపోటు కూడా ఇలాగే అనిపించవచ్చు కాబట్టి ముందు ఈసీజీ తీస్తారు. ఈ నొప్పితో పాటు రక్తంలో లైపేజ్ సాధారణ గరిష్ఠ స్థాయికి 3 రెట్లకు చేరితే జబ్బు ఉన్నట్టే. పేగుల్లో గ్యాస్ వల్ల అల్ట్రాసౌండ్‌లో క్లోమం సరిగా కనిపించకపోవచ్చు. స్కానింగ్ నార్మల్‌గా ఉందని రక్తపరీక్ష మానొద్దు.

సెలైన్, నొప్పి మందులతో చాలామంది వారంలోపే కోలుకుంటారు. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే మాత్రం ప్రమాదమే. కోలుకున్నాక మద్యం పూర్తిగా మానాలి. రాళ్లే కారణమైతే పిత్తాశయాన్ని తీయించుకోవాలి. లేదంటే మళ్లీ వచ్చే ముప్పుంటుంది.