తీర్పు కార్డుదే

వేలిముద్ర సెన్సర్ ఉన్న బ్యాంకు కార్డు చూడటానికి మామూలు చిప్ కార్డులాగే ఉంటుంది. మందం కూడా అంతే, 0.76 మిల్లీమీటర్లు. చిప్‌కు ఎదురు కొసన, బొటనవేలు ఆనేంత చిన్న పలక ఒకటి అదనంగా కనిపిస్తుంది. చిప్ ఉన్న వైపు మెషీన్‌లోకి వెళ్లినా ఆ కొస బయటే ఉంటుంది, కార్డు పట్టుకున్న చేతి బొటనవేలు సహజంగానే దాని మీద పడుతుంది. మాస్టర్‌కార్డ్ 2017లో దక్షిణాఫ్రికాలో ఇలాంటి కార్డులను పరీక్షించింది. ఫ్రాన్స్‌లో బీఎన్‌పీ పారిబా బ్యాంకు 2021లో వీటిని ఖాతాదారులకు ఇవ్వసాగింది.

వేలిముద్రతో మనిషిని గుర్తించడం తెలుగునాట రేషన్ దుకాణానికి వెళ్లే ఎవరికైనా తెలిసిన సంగతే. అక్కడ యంత్రం తీసుకున్న ముద్ర రహస్య రూపంలో ఆధార్ డేటా కేంద్రానికి వెళ్తుంది. పోల్చి చూసేది అక్కడే. సిగ్నల్ లేకపోతే పని ఆగిపోయేది అందుకే. బ్యాంకు కార్డులో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. ముద్ర కార్డు దాటి బయటికి పోదు. దుకాణంలోని మెషీన్ దాన్ని చూడదు, పోలికకు బ్యాంకు దగ్గర కాపీ ఉండనక్కర్లేదు. దాచుకునేదీ, పోల్చేదీ, అవునో కాదో తేల్చేదీ కార్డే.

కార్డు పోల్చాలంటే ముందు దానికి యజమాని వేలు తెలియాలి. కొన్ని బ్యాంకులు శాఖకు పిలిపించి ఈ నమోదు చేయిస్తాయి. మరికొన్ని కార్డుతోపాటు చిన్న బ్యాటరీ ఉన్న తొడుగును ఇంటికి పంపుతాయి. కార్డును అందులో పెట్టి వేలిని కొద్దికొద్దిగా జరుపుతూ పలుమార్లు ఆనించాలి. పలక చిన్నది, ఒక్కో స్పర్శకు వేలికొసలో కొంత భాగమే దానికి అందుతుంది కాబట్టి ఇన్నిసార్లు అవసరం. ఆ ముక్కల నుంచి గీతలు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ రెండుగా చీలుతున్నాయి వంటి గుర్తులను లెక్కగట్టి, ఆ లెక్కను చిప్‌లోని భద్రమైన భాగంలో దాస్తారు. ఇంటి దగ్గర నమోదులో ఒక చిక్కుంది. కార్డు దారిలో వేరొకరి చేతిలో పడితే వారి వేలే యజమాని వేలుగా నమోదు కావచ్చు. అందుకే ఆ నమోదును పిన్‌తోనో మరో విధంగానో ఒకసారి రూఢి చేసుకున్నాకే బ్యాంకు దాన్ని నమ్మాలి.

పలక పనిచేసే తీరు ఫొటో తీయడం లాంటిది కాదు. దాని కింద వరుసలుగా అతి చిన్న విద్యుత్ పలకలు ఉంటాయి. సాధారణ ప్రమాణం ప్రకారం అంగుళానికి 500, అంటే ఒక్కోటి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. చర్మం మీద ఉబ్బెత్తుగా ఉన్న గీత ఉపరితలాన్ని తాకినచోట విద్యుదావేశం ఎక్కువ నిలుస్తుంది. గీతకూ గీతకూ మధ్య పల్లంలో గాలి ఉంటుంది కాబట్టి అక్కడ తక్కువ నిలుస్తుంది. ఈ ఎక్కువ తక్కువలే ముద్ర బొమ్మ అవుతాయి. రెండు గీతల మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు కాబట్టి ఆ దూరంలో పది కొలతలు పడతాయి, గీత ఆకారం తెలియడానికి అవి చాలు.

కార్డులో బ్యాటరీ లేదు. కాంటాక్ట్‌లెస్ చెల్లింపులో మెషీన్ వెదజల్లే అయస్కాంత క్షేత్రం కార్డు లోపలి రాగి తీగచుట్టలో కొద్దిపాటి కరెంటును పుట్టిస్తుంది. మామూలు కార్డులో దాన్ని చిప్ ఒక్కటే వాడుకుంటుంది. ఇక్కడ అదే కరెంటుతో సెన్సర్ ముద్ర తీయాలి, పోలిక లెక్క జరగాలి, ఆపై చెల్లింపు సంభాషణ కూడా నడవాలి, అదీ కౌంటర్ దగ్గర మనిషి విసుగెత్తేలోపు. ఈ కార్డుల తయారీలో అసలు కష్టం ఇదే అనిపిస్తుంది. కార్డును మెషీన్‌కు దూరంగా పట్టినా, త్వరగా వెనక్కి తీసినా కరెంటు చాలక పని మధ్యలో ఆగిపోతుంది. వేలు ముందే పలక మీద ఉండాలి, పని ముగిసేదాకా కదలకూడదు.

పారిస్‌లో ఒక దుకాణంలో 80 యూరోల బిల్లు అయిందనుకుందాం. ఫ్రాన్స్‌లో 2020 నుంచి మామూలు కార్డుతో 50 యూరోల వరకే పిన్ లేకుండా ట్యాప్ చేయవచ్చు, మన దేశంలో 2021 నుంచి 5,000 రూపాయల వరకు చేయగలిగినట్టే. 80 యూరోలు పరిమితి దాటింది కాబట్టి యజమానిని రూఢి చేసుకోవాలి. వేలు పలక మీద ఉంచి కార్డును మెషీన్ దగ్గర పట్టగానే పోలిక జరుగుతుంది. సరిపోతే, యజమానిని తానే సరిచూశానని కార్డు మెషీన్‌కు చెబుతుంది. మెషీన్ పిన్ అడగడం మానేస్తుంది. సరిపోకపోతే కార్డు ఆ మాట చెప్పదు, అప్పుడు మెషీన్ మామూలుగానే పిన్ అడుగుతుంది.

అయితే కార్డు చెప్పిన ఆ మాటను ఎందుకు నమ్మాలి? మెషీన్‌కు వేలు కనిపించదు, బ్యాంకుకు అసలే కనిపించదు. దీనికోసం కార్డులోనూ బ్యాంకు దగ్గరా మాత్రమే ఉండే ఒక రహస్య తాళం ఉంది. మొత్తం ఎంత, తేదీ ఏది, మెషీన్ ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్య ఎంత, యజమానిని సరిచూసిన ఫలితం ఏమిటి అన్నవాటన్నిటినీ కలిపి ఆ తాళంతో కార్డు ఒక సంకేతాన్ని తయారుచేస్తుంది. బ్యాంకు తన దగ్గరి తాళంతో అదే లెక్క వేసి రెండూ కలిస్తేనే డబ్బు వదులుతుంది. దారిలో ఒక్క అంకె మారినా సంకేతం కలవదు.

ఈ సంకేతం కాపాడని మాట ఏదైనా ఉంటే అక్కడ మోసానికి చోటుంటుంది. 2020లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బాసిన్, రాల్ఫ్ సాసె, హోర్హె టోరో-పోసో దీన్నే బయటపెట్టారు. వీసా కాంటాక్ట్‌లెస్ చెల్లింపులో యజమాని నిర్ధారణ గురించి కార్డు మెషీన్‌కు పంపే చిన్న సమాచారం ఆ సంకేతం పరిధిలో లేదని తేలింది. రెండు ఆండ్రాయిడ్ ఫోన్లను కార్డుకూ మెషీన్‌కూ మధ్య పెట్టి, నిర్ధారణ పరికరం మీదే అయిపోయిందన్నట్టు ఆ సమాచారాన్ని మార్చి, మామూలు కార్డుతోనే పరిమితి దాటిన మొత్తాన్ని పిన్ లేకుండా చెల్లించి చూపారు. వేలిముద్ర సెన్సర్‌లో ఇక్కడ లోపం ఏమీ లేదు. మెషీన్ విన్న మాటకూ బ్యాంకుకు చేరిన సంకేతంలోని ఫలితానికీ పొంతన ఉందో లేదో బ్యాంకు చూడాల్సిన అవసరం మాత్రం దీనితో స్పష్టమైంది.

సెన్సర్ వైపు ఇబ్బందులు వేరు. తడి వేలిలో పల్లాలు నీటితో నిండి గీతలు కలిసిపోతాయి. బాగా ఎండిన వేలు పలకకు సరిగా ఆనదు. మట్టి పనీ సున్నం పనీ చేసి గీతలు అరిగిన వేళ్లకు రేషన్ యంత్రం దగ్గర ఎదురయ్యే తంటా ఇక్కడా తప్పదు. పోలిక నిబంధనను సడలిస్తే వీరికి మేలే, కానీ పరాయి వేలిని ఒప్పుకునే అవకాశమూ దాంతో పెరుగుతుంది. దొంగిలించిన కార్డు మీద యజమాని వేలి జిడ్డు గుర్తులు ఉండవచ్చన్నది మరో సంగతి. 2013లో జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్, గాజు మీది వేలి గుర్తును ఫొటో తీసి, దాన్నుంచి చేసిన కృత్రిమ ముద్రతో ఐఫోన్ 5ఎస్ సెన్సర్‌ను మోసగించింది. అంత శ్రమ పడే దొంగ అరుదే అయినా, కార్డు పోయిందని తెలియగానే బ్యాంకుకు చెప్పి ఆపించడం ఇక్కడా అంతే అవసరం.

పిన్ పూర్తిగా పోదు. కార్డును లోపలికి లాక్కునే ఏటీఎంలో పలక మీద వేలు పెట్టే వీలుండదు కాబట్టి అక్కడ నాలుగు అంకెలు నొక్కాల్సిందే. ఆన్‌లైన్ కొనుగోలులో కార్డు నంబరు మాత్రమే టైపు చేస్తారు. చిప్‌కు ఆ సంగతే తెలియదు, దాంతో సెన్సర్‌కు అక్కడ పనే లేదు.