ఫ్లాట్ వీడియో చూసి కొనేవాళ్లే ఫోన్ చేయాలంటే

రియల్ ఎస్టేట్ ఏజెంటు సోషల్ మీడియాలో పెట్టే ఫ్లాట్ వీడియో రెండు పనులు చేయాలి. కొనగలిగినవాళ్లకు ఆ ఇల్లు కనిపించాలి. ఆ ఇల్లు సరిపడనివాళ్లకు ఆ సంగతి ఫోన్ చేయకముందే తెలిసిపోవాలి. ఈ రెండో పని జరగకపోతే ఎన్ని వ్యూస్ వచ్చినా "రేటెంతండీ?", "లొకేషన్ పెట్టండి" అనే మెసేజీలకు జవాబు చెప్పడంతోనే రోజు గడిచిపోతుంది. ఇంటిని ఉన్నది ఉన్నట్టు చూపించి, ధరతో సహా ముఖ్యమైన వివరాలన్నీ ముందే చెప్పేస్తే ఫోన్లు తగ్గుతాయి. వచ్చే ఫోన్లలో మాత్రం కొనేవాళ్లు ఎక్కువగా ఉంటారు.

ఉదాహరణకు హైదరాబాద్ నిజాంపేటలో ఒక రీసేల్ ఫ్లాట్ అమ్మకానికి వచ్చిందనుకుందాం. టూ బీహెచ్‌కే, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, తూర్పు గుమ్మం. సూపర్ బిల్టప్ 1,180 చదరపు అడుగులు, కార్పెట్ ఏరియా సుమారు 850. ఓనరు అడుగుతున్నది 68 లక్షలు.

కెమెరాకు ముందు కాగితాలు

వీడియో తీయడానికి ముందే ఏజెంటు కాగితాలు చూసుకోవాలి. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తిపన్ను రసీదు ఉన్నాయో లేవో తెలియాలి. ఓనరుకు బ్యాంకు లోను మిగిలి ఉంటే అసలు పత్రాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి. ఆ విషయాన్ని వీడియోలోనే చెప్పడం మంచిది. భూమిలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో కూడా రాసి పెట్టుకోవాలి. పాత అపార్ట్‌మెంట్ కొనేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న అది.

ఓనరు నుంచి వీడియోకి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇంట్లో అద్దెకున్నవాళ్లుంటే వాళ్లకూ చెప్పాలి. గోడల మీది కుటుంబ ఫొటోలు, బీరువా, ఫ్లాట్ నంబరు తెరమీదకు రాకూడదు.

కొత్త ప్రాజెక్టు అయితే మరో నియమం ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు అవసరమైన ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా రెరాలో నమోదై ఉండాలి. నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకాలకు మధ్యవర్తిగా ఉండకూడదు. కాబట్టి అలాంటి వీడియోలో ప్రాజెక్టు నంబరు, ఏజెంటు నంబరు రెండూ కనబడేలా ఉంచాలి.

వీధి నుంచి బాల్కనీ దాకా

ఇల్లు చూడటానికి వచ్చిన మనిషి నడిచే వరుసలోనే కెమెరా నడవాలి. ముందు వీధి, దాని వెడల్పు, గేటు, పార్కింగ్, లిఫ్టు, కారిడార్, ఆ తర్వాతే గుమ్మం. లోపల హాలు, వంటగది, వాష్ ఏరియా, పడకగదులు, బాత్‌రూములు, బాల్కనీ. ప్రతి గదిలో మూల నుంచి నిలబడి కెమెరాను మెల్లగా తిప్పి, నాలుగైదు సెకన్లు కదలకుండా ఆపాలి. గుమ్మం దగ్గర ఫోన్‌లోని దిక్సూచిని చూపిస్తే దిక్కు గురించి మళ్లీ అడిగే పని ఉండదు. తూర్పు గుమ్మం ఇంటిని ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య తీస్తే హాల్లో సహజమైన వెలుతురు బాగా దొరుకుతుంది.

ఎక్కువమంది చేసే తప్పు ఫోన్‌లోని 0.5x లెన్సుతో ఇల్లంతా తీయడం. ఆ లెన్సులో పదకొండడుగుల గది కూడా చిన్నపాటి ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే "వీడియోలో పెద్దగా కనిపించిందే" అంటారు. అక్కడి నుంచి ఏజెంటు చెప్పే ప్రతి మాటనూ అనుమానంగానే వింటారు. అందుకే గదులను 1x లోనే తీసి, కొలతలు తెరమీద వేయాలి. వైడ్ లెన్సును ఇరుకు బాత్‌రూముకు పరిమితం చేయాలి. బాత్‌రూము పైకప్పులో చెమ్మ మరక ఉంటే అదీ చూపించాలి. విజిట్‌లో ఎలాగూ బయటపడేదాన్ని ముందే చెబితే అది బేరంలో ఒక అంశంగా మిగిలిపోతుంది, బేరాన్ని చెడగొట్టదు.

సంగీతం అవసరం లేదు. కాలర్ మైక్‌తో మామూలు గొంతులో చెబితే చాలు. మొదటి పదిహేను సెకన్లలో ప్రాంతం, ధర, విస్తీర్ణం, దిక్కు, అంతస్తు వచ్చేయాలి. నెలవారీ మెయింటెనెన్స్, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, లిఫ్టుకు పవర్ బ్యాకప్ ఉందా అన్నవి ఆయా చోట్ల నడుస్తూ చెప్పాలి.

ఒకే ఇల్లు, మూడు చోట్ల

ఐదారు నిమిషాల పూర్తి వీడియో యూట్యూబ్‌కు. శీర్షికలో వర్ణనలు మానేసి "నిజాంపేట టూ బీహెచ్‌కే రీసేల్ ఫ్లాట్, తూర్పు, 68 లక్షలు" అని పెడితే, అలాంటి ఇంటి కోసమే వెతికేవాళ్లకు అది దొరుకుతుంది. వివరణలో 00:00 నుంచి సమయాలు వేసి గదుల పేర్లు రాస్తే, వీడియో ఆ భాగాలుగా విడిపోతుంది. వంటగది చూడాలనుకున్నవాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు.

నలభై సెకన్ల నిలువు వీడియో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు, యూట్యూబ్ షార్ట్స్‌కు. దాని పని కొత్తవాళ్లను పూర్తి వీడియో దాకా తీసుకురావడం. రీల్ క్యాప్షన్‌లో, షార్ట్స్ వివరణలో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో లింకును ప్రొఫైల్ బయోలో ఉంచాలి. షార్ట్స్‌కైతే 'రిలేటెడ్ వీడియో'గా పూర్తి వీడియోను జతచేయాలి.

పూర్తి వీడియో కింద వాట్సాప్ లింకు ఉండాలి. ప్రతి ఇంటికీ ఒక కోడ్ ఇచ్చి లింకులోనే చేరిస్తే, ఏ ఇంటి గురించి అడుగుతున్నారో మెసేజ్‌లోనే తెలుస్తుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=NZP14
```

వారానికి ఒక ఇల్లు చొప్పున చేస్తే ఒక్కరే నడపగలరు. సోమవారం కాగితాలు, మంగళవారం షూటింగ్, బుధవారం ఎడిటింగ్, గురువారం సాయంత్రం పూర్తి వీడియో, శుక్రవారం రీల్, శని ఆదివారాల్లో విజిట్లు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లతో వీడియో కాల్‌కు మన రాత్రి ఎనిమిది అనుకూలం. అప్పుడు అక్కడ పొద్దుటి పూట. ఇల్లు స్వయంగా చూసేది తరచు ఇక్కడున్న తల్లిదండ్రులే కాబట్టి, వాళ్ల విజిట్ కుదిరాకే ఆ ఎంక్వైరీని గట్టిదిగా లెక్కించాలి.

మెసేజ్ వచ్చాక

మొదటి జవాబులోనే నాలుగు ప్రశ్నలు అడగాలి. మీరు ఉండటానికా, అద్దెకివ్వడానికా? లోను ఎంత, చేతి డబ్బు ఎంత? ఎప్పటిలోగా తీసుకోవాలనుకుంటున్నారు? విజిట్‌కు ఇంట్లో ఇంకెవరు వస్తారు? కొనాలనుకున్నవాళ్లు వీటికి జవాబిస్తారు, పైగా తిరిగి ప్రశ్నలు వేస్తారు. "ఈసీ పంపుతారా?", "బ్యాంకు లోను వస్తుందా?", "కార్ పార్కింగ్ డీడ్‌లో ఉందా?" అనే ప్రశ్నలు వీడియో మొత్తం చూసినవాళ్ల నుంచే వస్తాయి. వాళ్లకే ముందు విజిట్ టైమ్ ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చే సమయమైతే మంచిది. ఒకరే వస్తే రెండోసారి మళ్లీ మొదటి నుంచి చూపించాల్సి వస్తుంది.

ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఇంటికీ ఐదు అంకెలు రాయాలి: మెసేజీలు, ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్లు, విజిట్లు, రెండో విజిట్లు, టోకెన్. లోపం ఎక్కడుందో ఈ వరుసే చెబుతుంది. మెసేజీలు చాలా వచ్చి జవాబులు రాకపోతే ధర గానీ ప్రాంతం గానీ వీడియోలో స్పష్టంగా లేదు. విజిట్లు జరిగి రెండో విజిట్ ఒక్కటీ లేకపోతే వీడియో ఇంటిని ఉన్నదానికంటే మెరుగ్గా చూపించింది, లేదా ఆ చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే రేటు ఎక్కువ. రెండో విజిట్ తర్వాత ఆగిపోతే సాధారణంగా కాగితాల్లోనో లోనులోనో చిక్కు ఉంటుంది. యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఎక్కడ వదిలేశారో చూపే గ్రాఫ్ ఉంటుంది. మొదటి అరనిమిషంలోనే గీత బాగా పడిపోతే పరిచయం సాగదీసినట్టు.

ధర మారిన రోజే శీర్షిక, వివరణ మార్చాలి. అమ్ముడైతే శీర్షిక ముందు "అమ్ముడైంది" అని చేర్చి, అదే ప్రాంతంలో ఉన్న మరో ఇంటి వీడియో లింకు కింద పెట్టాలి. ఎందుకంటే పాత వీడియో నెలల తరబడి సెర్చ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి వచ్చేవాళ్లకు అమ్ముడుపోయిన ఇల్లు చూపించడం మానేసి, అమ్మకానికి ఉన్న ఇంటి దారి చూపించినట్టవుతుంది.