సేవ్ చేసినా పాతదే కనిపిస్తుందేం?

ఇల్లు మారారు. షాపింగ్ యాప్‌లో చిరునామా మార్చి ‘సేవ్’ నొక్కారు. మార్పు నమోదైందని సందేశం వచ్చింది. తీరా పేజీ తెరిస్తే పాత చిరునామానే ఉంది. మరోసారి తెరిస్తే కొత్తది వచ్చింది. ఇంకోసారి చూస్తే మళ్లీ పాతదే!

మీరు రాసినది ఎక్కడికీ పోలేదు. పెద్ద సైట్లలో ఒకే డేటాబేస్‌కు అనేక నకళ్లుంటాయి. వాటిలో ఒకటి లీడర్. మార్పులన్నీ ముందు అందులోనే నమోదవుతాయి. మిగతావి ఫాలోయర్లు. లీడర్ లాగ్‌లో రాసుకున్న మార్పులను ఇవి అదే వరుసలో తెచ్చుకుని తమలో అమలు చేసుకుంటాయి. చదవడానికి వచ్చే రద్దీని ఇవే పంచుకుంటాయి.

మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లలో మామూలుగా లీడర్ ఫాలోయర్ల కోసం ఆగదు. తన దగ్గర రాసుకోగానే ‘అయింది’ అంటుంది. ఫాలోయర్లన్నీ సరేననే దాకా ఆగితే, ఒక్కటి మొరాయించినా రాతలన్నీ నిలిచిపోతాయి. అందుకే ఈ తొందర. ఫాలోయర్ వెనకబడిన ఈ వ్యవధినే రెప్లికేషన్ ల్యాగ్ అంటారు. మామూలు రోజుల్లో అది సెకనులో చిన్న భాగమే. లక్షల వరుసలను ఒకే దెబ్బలో మార్చే పని పడితే నిమిషాలకు పెరగవచ్చు. మీ మొదటి చూపు వెనకబడిన ఫాలోయర్‌కు, రెండోది అందుకున్నదానికి వెళ్లింది. మూడోది మళ్లీ వెనకబడినదానికే చేరింది. కాలం వెనక్కి నడిచినట్టు అనిపించింది అందుకే.

ఫేస్‌బుక్‌కు ఈ చిక్కు అమెరికా రెండు తీరాల మధ్య ఎదురైంది. లీడర్ కాలిఫోర్నియాలో, నకళ్లు వర్జీనియాలో. దాన్ని ఎలా దాటారో ఆ సంస్థ ఇంజినీరు జేసన్ సోబెల్ 2008లో వివరించారు. ఎవరైనా ఏదైనా రాయగానే, ఆ సమయాన్ని వారి బ్రౌజర్‌లో కుకీగా గుర్తు పెట్టేవారు. తర్వాతి 20 సెకన్ల పాటు వారి అభ్యర్థనలన్నీ కాలిఫోర్నియాకే వెళ్లేవి. అప్పటికి వర్జీనియా నకలు అందుకుని ఉంటుందన్నది లెక్క.

ఉపాయం చక్కనిదే కానీ, ల్యాగ్ 20 సెకన్లు దాటిన రోజు అది పనిచేయదు. పైగా కుకీ ఉండేది ఒక్క బ్రౌజర్‌లోనే. ల్యాప్‌టాప్‌లో మార్చి ఫోన్‌లో చూస్తే పాతదే ఎదురు కావచ్చు. అంతకంటే గట్టి పద్ధతి, గడియారం బదులు లాగ్‌లోని స్థానాన్ని గుర్తుంచుకోవడం. మీ మార్పు ఉన్న చోటిదాకా చేరిన ఫాలోయరే మీకు జవాబివ్వాలి. ఏదీ చేరకపోతే లీడర్‌నే అడగాలి.

మైఎస్‌క్యూఎల్ నడిపేవారు `SHOW REPLICA STATUS` అని అడిగితే, `Seconds_Behind_Source` అన్న చోట ఫాలోయర్ ఎన్ని సెకన్లు వెనకబడిందో కనిపిస్తుంది. వాడేవారికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఆర్డరు పెట్టాక, డబ్బు కట్టాక జాబితాలో అది కనబడకపోతే వెంటనే రెండోసారి నొక్కకండి. కాసేపాగి చూడండి. అప్పటికీ రాకపోతే అప్పుడు ఫిర్యాదు చేయండి.