‘విశ్లేషించండి’ అంటే విశ్లేషణ అయిపోదు

పోయినేడు పదో తరగతి పిల్లలకు యూనిట్ పరీక్ష పెడుతూ ఒక ప్రశ్న ఇచ్చాను. ‘పట్టణాల్లో సహాయ నిరాకరణోద్యమం క్రమంగా ఎందుకు చల్లబడిందో విశ్లేషించండి.’ నాలుగు మార్కులు. బ్లూప్రింటులో దాన్ని దర్జాగా విశ్లేషణ గడిలో వేసుకున్నాను. పేపర్లు దిద్దుతుంటే పదో పేపరుకే అనుమానం వచ్చింది. ఖద్దరు ఖరీదెక్కువ కాబట్టి బీదలు కొనలేకపోయారు, దేశీయ విద్యాసంస్థలు త్వరగా రాలేదు కాబట్టి పిల్లలు మళ్లీ సర్కారు బడులకు వెళ్లారు, లాయర్లు కోర్టులకు వెళ్లారు. అందరి జవాబుల్లోనూ ఇవే, ఇదే వరుసలో. పుస్తకం తీసి చూస్తే ఆ పేరా అక్షరాలా అలాగే ఉంది. నేనడిగింది విశ్లేషణ అనుకున్నాను, పిల్లలు అప్పజెప్పారు. తప్పు వాళ్లది కాదు.

ప్రశ్న ఏ స్థాయిదో చెప్పేది చివర పెట్టిన క్రియ కాదు. జవాబు పాఠంలో ఒకేచోట రెడీగా ఉంటే, ‘వివరించండి’ అన్నా ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అన్నా అది జ్ఞాపకానికి పెట్టిన పరీక్షే. పాఠంలో నేర్చుకున్నదాన్ని, పాఠంలో లేని సందర్భానికి వాడాల్సి వస్తే అది అనువర్తన. పాఠంలో వేర్వేరు చోట్ల ఉన్న రెండు సంగతులను పక్కపక్కన పెట్టి తేల్చుకోవాల్సి వస్తే విశ్లేషణ. బి.ఎడ్.లో బ్లూమ్ వర్గీకరణ అందరం చదువుకున్నదే. కానీ ప్రశ్న రాసేటప్పుడు నాకు అక్కరకొచ్చింది ఈ మోటు కొలతే.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి చరిత్రలోని ‘భారతదేశంలో జాతీయవాదం’ పాఠాన్నే తీసుకుని చూద్దాం.

జ్ఞాపకం ప్రశ్నలంటే చిన్నచూపు అక్కర్లేదు. ఏది ముందు జరిగిందో తెలియని పిల్లవాడు కారణాల గురించి ఏం రాస్తాడు? అయితే ‘చౌరీచౌరా ఏ సంవత్సరం?’ అని బిట్టు ఇచ్చి, పక్కన 1857, 1922, 1947, 1965 పెడితే పాఠం చదవనివాడు కూడా ఊహించి పెట్టేస్తాడు. అదే రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్, నాగపూర్ కాంగ్రెస్, చౌరీచౌరా ఇచ్చి వరుసలో పెట్టమంటే కథ తెలిసినవాడే పెట్టగలడు. మొదటి రెండూ 1919లో వెంటవెంటనే జరిగాయి, మూడోది 1920 డిసెంబరు, చివరిది 1922 ఫిబ్రవరి. మొదటి రెంటినీ తారుమారు చేశాడంటే, కాల్పులకు ముందు జనం దేనిమీద మండిపడుతున్నారో వాడికి తెలియలేదని మనకు తెలిసిపోతుంది.

అనువర్తన ప్రశ్న దగ్గరే నేను ఎక్కువ తంటాలు పడ్డాను. స్వరాజ్యం అనే మాటను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకున్నారని పాఠం చెబుతుంది. అవధ్ రైతులకు అది తాలూక్‌దార్ల అధిక శిస్తు నుంచీ వెట్టి నుంచీ విముక్తి. గూడెం కొండల్లో అడవి మీద హక్కు. అస్సాం తేయాకు తోటల కూలీలకు, 1859 చట్టం కింద అనుమతి లేనిదే దాటకూడని తోట గేటు దాటి సొంతూరు చేరడం. ఈ మూడింటి మీద ఒక కల్పిత వాంగ్మూలం రాసి, ‘ఈ మాటలు ఎవరివై ఉండొచ్చు? ఎలా చెప్పగలవు?’ అని అడగాలనుకున్నాను. కల్పితమని ప్రశ్నలోనే రాయాలి. లేకపోతే రేపు పిల్లలు దాన్ని చరిత్ర అనుకుంటారు.

మొదట ఇలా రాశాను: ‘కూలి ఇవ్వకుండా మాచేత పని చేయిస్తున్నారు. గాంధీగారు వస్తే ఈ వెట్టి పోతుందట.’ అవధ్ అనే జవాబు మనసులో పెట్టుకున్నాను. కీ రాయడానికి కూర్చుంటే గొంతులో వెలక్కాయ పడింది. గూడెంలో కూడా రోడ్లు వేయడానికి కొండవాళ్లను వెట్టికి పట్టారని అదే పాఠంలో ఉంది. గూడెం అని రాసిన పిల్లవాడికి సున్నా వేయడానికి నాకే నోరు రాదు. ‘మా తోటలో...’ అని మొదలుపెట్టి అస్సాం మీద ఇంకొకటి రాశాను. తోట అనే మాటే జవాబు చెప్పేస్తోంది, ఆలోచించే పనే లేదు. మూడోసారికి ఇలా కుదిరింది: ‘రోడ్డు పనికి రమ్మంటారు, డబ్బివ్వరు. పశువులను మేతకు తోలనివ్వరు. మా నాయకుడు ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు, కానీ గాంధీగారి దారిలోనే స్వరాజ్యం వస్తుందని మాత్రం అనడు.’ ఇప్పుడు వెట్టి ఒక్కటే చూసినవాడు అవధ్ దగ్గర ఆగిపోతాడు. అన్నీ కలిపి చూసినవాడు గూడేన్నీ అల్లూరి సీతారామరాజునూ పట్టుకుంటాడు. గెరిల్లా పోరు అనే మాట కావాలనే వదిలేశాను. అది ఉంటే మిగతా వాక్యాలు చదవాల్సిన పనే ఉండదు.

పాఠంలో లేని నిజ సంఘటన దొరికితే కల్పితం కంటే అదే మేలు. చీరాల-పేరాలను మున్సిపాలిటీ చేయడంతో పన్నులు పెరిగాయి. 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీచేసి, బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఈ నాలుగు ముక్కలూ ప్రశ్నలోనే ఇచ్చి, భారతీయుల సహకారం వల్లే బ్రిటిష్ పాలన నిలిచిందన్న గాంధీ వాదన ఇందులో ఎక్కడ కనబడుతోందో చెప్పమనొచ్చు. ఆదిలాబాద్ పిల్లవాడికి ఇది అనువర్తన. చీరాల పిల్లవాడు ఈ కథను తాతగారి దగ్గర పదిసార్లు విని ఉంటే, అతనికిది జ్ఞాపకమే. ప్రశ్నపత్రం ఒకటే అయినా ప్రశ్న స్థాయి పిల్లవాడిని బట్టి మారుతుంది. దీనికి విరుగుడు ఏ బ్లూప్రింటులోనూ లేదు.

ఇక విశ్లేషణకు నేను బట్టల లెక్క ఎంచుకున్నాను. 1921, 1922 మధ్య విదేశీ వస్త్రాల దిగుమతి సగానికి పడిపోయిందని, విలువ 102 కోట్ల రూపాయల నుంచి 57 కోట్లకు దిగిందని పాఠంలో ఉంది. కాస్త కిందికి వెళ్తే ఖద్దరు ఖరీదెక్కువ, బీదలు ఎంతకాలం ఆ బహిష్కారం పాటించగలరు అనే మాటా ఉంది. ఈ రెంటినీ ఎదురెదురుగా పెట్టి రెండు ముక్కలుగా అడిగాను. ‘(అ) ఈ అంకెలు సగం అన్న మాటకు సరిపోతాయా? (ఆ) బహిష్కారం నిలబడిందా లేదా తేల్చడానికి ఇంకా ఏ సమాచారం కావాలి?’

మొదటిదానికి లెక్క చాలు. 102లో సగం 51. తగ్గింది 45 కోట్లు, అంటే దాదాపు 44 శాతం. విలువ వేరు, పరిమాణం వేరు అని పట్టుకున్నవాడికి పూర్తి మార్కులు. బట్ట సగానికి తగ్గినా గజం ధర పెరిగితే రూపాయల్లో తగ్గుదల అంత కనబడదు. రెండోదానికి 1923, 1924 దిగుమతులు కావాలన్నా, స్వదేశీ మిల్లుల ఉత్పత్తి ఎంత పెరిగిందో కావాలన్నా, ఎవరు కొన్నారో కావాలన్నా సరే. కీలో ఒక్క జవాబు రాయలేదు. ‘అడిగిన సమాచారం ఏం తేలుస్తుందో చెబితే రెండు మార్కులు, ఊరికే పేరు చెబితే ఒకటి’ అని రాసుకున్నాను.

దిద్దడానికి మామూలు కంటే రెట్టింపు టైము పట్టింది. ఇలాంటివి పేపరుకు ఒకటి, మహా అయితే రెండు పెట్టగలం. నలభై ఐదు నిమిషాల యూనిట్ పరీక్షలో మూడు పెట్టిన రోజున, బాగా రాసే పిల్లలు కూడా చివరిదాన్ని ముట్టుకోలేదు. ఈసారి పేపర్లలో ఒకమ్మాయి మాత్రం (ఆ) కింద, వ్యాపారులు 1921కి ముందే ఎక్కువ సరుకు తెప్పించి గోదాముల్లో పెట్టుకున్నారేమో చూడాలి అని రాసింది. అది నా కీలో లేదు. రెండు మార్కులూ వేసి, ఆ వాక్యాన్ని కీలో చేర్చుకున్నాను.