క్వెరీలో ఆ 18:30 ఎందుకుంది?

నెలవారీ రిపోర్టు తయారుచేసే ఉద్యోగి వేరే విభాగానికి వెళ్తున్నారు. ఆ పని కొత్తగా చేతికొచ్చిన సహోద్యోగి క్వెరీ తెరిస్తే, ఏప్రిల్ అమ్మకాల లెక్కలో ఈ రెండు వరుసలు కనబడతాయి.

```sql
WHERE created_at >= '2025-03-31 18:30'
  AND created_at <  '2025-04-30 18:30'
```

ఏప్రిల్ నెల మార్చి 31 సాయంత్రం ఆరున్నరకు మొదలవడమేమిటి? ఎవరికైనా ఇది పొరపాటుగానే తోస్తుంది. చక్కగా పనిచేసే మనిషైతే వెంటనే దాన్ని ఏప్రిల్ 1, మే 1గా మార్చేస్తారు. రిపోర్టు అక్కడి నుంచి తప్పడం మొదలవుతుంది. ఎవరూ గమనించరు, ఎందుకంటే తేడా చిన్నది.

అందుకే అప్పగింత నోట్ కావాలి. చాలా ఆఫీసుల్లో ఈ నోట్‌లో ఉండేది ఫైలు ఎక్కడుంది, పాస్‌వర్డు ఎవరినడగాలి, ఏ తేదీకి ఎవరికి పంపాలి అన్న వివరాలే. అవీ అవసరమే, కానీ అవి అడిగితే ఎవరైనా చెప్పగలరు. అడగాలని కూడా తోచని సంగతులు వేరే ఉంటాయి. డేటాలో ఏ లోపం ఉంది, దాన్ని క్వెరీలో ఏ వరుస సరిచేస్తోంది, ఆ వరుస ఎప్పటిదాకా ఉండాలి అన్నవి. మూడోది దాదాపు ఎవరూ రాయరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలున్న ఒక ఎలక్ట్రికల్ సామాన్ల వ్యాపారం ఉందనుకుందాం. దుకాణాలు ఉదయం పదింటికి తెరిచి రాత్రి తొమ్మిదింటికి మూస్తారు. ఫోన్ యాప్‌లో మాత్రం రాత్రంతా ఆర్డర్లు వస్తాయి. ప్రతి నెలా జిల్లాలవారీగా అమ్మకాల రిపోర్టు యాజమాన్యానికి వెళ్లాలి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్.

ముందు ఆ 18:30 సంగతి. బిల్లు పడిన సమయాన్ని సర్వర్ భారతీయ కాలమానంలో కాకుండా యూటీసీలో రాస్తోంది. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకు ఏప్రిల్ 1 అర్ధరాత్రి 12 కొట్టేసరికి సర్వర్ లెక్కలో ఇంకా మార్చి 31, 18:30. కాబట్టి పైనున్న రెండు వరుసలు సరైనవే. వాటిని ‘శుభ్రం’ చేస్తే ఏప్రిల్ 1 అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర దాకా వచ్చిన యాప్ ఆర్డర్లు మార్చిలో పడతాయి.

ఇక్కడ మరో వివరం కూడా గమనించాలి. రెండో వరుసలో ‘కంటే తక్కువ’ గుర్తు వాడి, సమానం గుర్తు వదిలేశారు. చాలామంది దీనికి బదులు `BETWEEN '2025-04-01' AND '2025-04-30'` అని రాస్తారు. తేదీ పక్కన సమయం ఇవ్వకపోతే డేటాబేస్ దాన్ని ఆ రోజు మొదటి క్షణంగా తీసుకుంటుంది. అంటే 30వ తేదీ అమ్మకం దాదాపు మొత్తం రాలిపోతుంది. నెలాఖరు రోజు అమ్మకం సున్నా అయినా నెల మొత్తంలో అది కొద్దిగా తగ్గినట్టే కనబడుతుంది. రోజువారీ పట్టిక తీసి చూస్తే తప్ప దొరకదు.

ఇప్పుడు అసలు ప్రమాదానికొద్దాం. ఏడాది తర్వాత సాఫ్ట్‌వేర్ బృందం సర్వర్‌ను సరిచేసి, ఇకనుంచి భారతీయ సమయమే నమోదయ్యేలా చేసిందనుకోండి. వాళ్లు చేసింది మంచి పనే. కానీ క్వెరీలో 18:30 అలాగే ఉంటే, నెల చివరి రోజు సాయంత్రం ఆరున్నర తర్వాత జరిగిన అమ్మకమంతా వచ్చే నెలకు వెళ్లిపోతుంది. మునుపు దిద్దకపోతే తప్పేవి రాత్రిపూట వచ్చే కాసిని యాప్ ఆర్డర్లే. ఇప్పుడు తప్పేది దుకాణాలు కిటకిటలాడే సాయంత్రం బేరం. పైగా ప్రతి నెలా గత నెల నుంచి కొంత వస్తుంది, వచ్చే నెలకు కొంత పోతుంది. మొత్తం పెద్దగా మారదు కాబట్టి ఏళ్ల తరబడి పట్టుబడదు.

కాబట్టి నోట్‌లో “18:30 ముట్టుకోవద్దు” అని రాస్తే చాలదు. అది ఏ పరిస్థితి వల్ల వచ్చిందో, ఆ పరిస్థితి ఇంకా ఉందో లేదో చూసుకునే దారి ఏమిటో రాయాలి. ఆ దారి చిన్నదే. ఏ గంటలో ఎన్ని బిల్లులు పడ్డాయో చూడటం.

```sql
SELECT EXTRACT(HOUR FROM created_at) AS h, COUNT(*)
FROM orders
WHERE created_at >= '2025-04-01'
  AND created_at <  '2025-05-01'
GROUP BY h ORDER BY h;
```

దుకాణం తెరిచే ఉదయం 10 గంటలు యూటీసీలో 4:30. మూసే రాత్రి 9 గంటలు 15:30. బిల్లుల రద్దీ 4వ గంట దగ్గర మొదలై 15వ గంటలో సద్దుమణిగితే డేటా ఇంకా యూటీసీలోనే ఉన్నట్టు, 18:30 ఉండాల్సిందే. ఒక నెల ఆ రద్దీ పదింటికి మొదలైతే, సర్వర్ మారిందని అర్థం. మారిన తేదీ కనుక్కుని, అప్పటినుంచి 18:30 తీసేయాలి. రెండు రకాల సమయాలూ కలిసిన ఆ ఒక్క నెలను రెండు ముక్కలుగా విడిగా లెక్కించి కలపాలి.

రెండో లోపం డబ్బు రెట్టింపయ్యేది. చెల్లింపు జరగని ఆర్డర్లను వదిలేయడానికి క్వెరీలో ఆర్డర్ల టేబుల్‌ను చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేస్తారు. ఒక్కో ఆర్డరుకు ఒకే చెల్లింపు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఒక కస్టమర్ ఐదు వేల రూపాయల మిక్సీ కొని రెండు వేలు యూపీఐలో, మూడు వేలు నగదుగా ఇచ్చారనుకోండి. చెల్లింపుల టేబుల్‌లో రెండు వరుసలు పడతాయి. జాయిన్ చేయగానే ఆ ఆర్డరు కూడా రెండు వరుసలవుతుంది. ఐదు వేలు పది వేలవుతాయి.

దీన్ని చూసి చాలామంది చేసే మొదటి పని `SUM(DISTINCT amount)` అని రాయడం. లెక్క వేసి చూద్దాం. ఆ రోజు మూడు ఆర్డర్లున్నాయి. మిక్సీ 5,000, ఒక ఫ్యాన్ 1,250, వేరే కస్టమర్ కొన్న మరో ఫ్యాన్ 1,250. అసలు మొత్తం 7,500. జాయిన్ వల్ల వచ్చేది 12,500. డిస్టింక్ట్ పెడితే రెండు ఐదు వేలు ఒకటవుతాయి, నిజమే. కానీ ఇద్దరు కొన్న రెండు ఫ్యాన్లు కూడా ఒకటైపోతాయి. మొత్తం 6,250 వస్తుంది. అది ఆర్డర్లను చూడదు, అంకెలను మాత్రమే చూస్తుంది. ఒకే ధర ఉన్న సరుకు ఎక్కువ అమ్మే వ్యాపారంలో ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. పైగా రెట్టింపు తప్పును చూసి అనుమానించినట్టు, తగ్గిన అంకెను చూసి ఎవరూ అనుమానించరు.

సరైన పద్ధతి, జాయిన్ చేయకుండా, చెల్లింపు ఉందా లేదా అని మాత్రమే అడగడం.

```sql
SELECT SUM(o.amount)
FROM orders o
WHERE EXISTS (SELECT 1 FROM payments p
              WHERE p.order_id = o.order_id);
```

నోట్‌లో ఈ క్వెరీ పక్కన మూడు ఆర్డర్ల చిన్న లెక్క కూడా పెట్టాలి. రేపు ఎవరైనా యూపీఐ ఎంత, నగదు ఎంత అని విడదీసి చూపించమంటే, కొత్త మనిషి మళ్లీ జాయిన్ వైపే వెళ్తారు. అప్పుడు ఆర్డరు మొత్తం కాకుండా చెల్లింపు మొత్తాన్ని కూడాలని ఆ లెక్క చూస్తేనే తడుతుంది. ఇది పై లోపంలాంటిది కాదు. టేబుళ్ల అమరికలోనే ఉంది కాబట్టి దీనికి గడువు లేదు. ఆ మాట కూడా రాయాలి.

మూడోది నన్ను ఎక్కువగా పట్టి ఉంచే విషయం, మన నేలకు సంబంధించినది. కస్టమర్ చిరునామాలో ‘వరంగల్’ అని ఉంటే అది ఏ జిల్లా?

2016 అక్టోబర్‌కు ముందు అది పాత ఉమ్మడి జిల్లా. ఆ నెలలో తెలంగాణ పది జిల్లాలు 31 అయినప్పుడు ఆ ప్రాంతం ప్రధానంగా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా చీలింది. ఉత్త ‘వరంగల్’ పేరుతో జిల్లా లేదు. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే ఒకే పేరు రెండు కాలాల్లో రెండు వేర్వేరు ప్రాంతాలను చెబుతుంది. మధ్యలో ఐదేళ్లు దేన్నీ చెప్పదు. ఆ ఐదేళ్లలోనూ కౌంటర్ దగ్గర బిల్లు కొట్టేవాళ్లు ‘వరంగల్’ అని రాయడం మానరు కదా.

అర్బన్‌ను హనుమకొండగా, రూరల్‌ను వరంగల్‌గా క్వెరీలో మార్చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. 2021లో పేర్లతో పాటు మండలాలు కూడా మారాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాలోకి వెళ్లాయి. పరకాల, నడికూడ, దామెర హనుమకొండలో కలిశాయి. పేరు మాత్రమే మారిస్తే వరంగల్ నగరంలోని దుకాణాల పాత అమ్మకాలన్నీ హనుమకొండలో చేరతాయి. అప్పుడు 2021 తర్వాత వరంగల్‌లో వ్యాపారం ఒక్కసారిగా పెరిగినట్టు, హనుమకొండలో కూలిపోయినట్టు రిపోర్టు చెబుతుంది. రెండూ జరగలేదు.

పేరు అసలు మారకపోయినా ఇదే బాధ ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. మచిలీపట్నం కేంద్రంగా మిగిలిన జిల్లాకు కృష్ణా అన్న పేరే ఉంది. రిపోర్టులో ఆ నెల నుంచి కృష్ణా గీత పడిపోతే అది బేరం పడిపోవడం కాదు, విజయవాడ లేకపోవడం.

దీనికి మందు జిల్లా పేరును వదిలేసి మండలం కోడ్‌ను పట్టుకోవడం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఒక్కో పాలనా విభాగానికి ఒక కోడ్ ఉంటుంది. ఏ మండలం ఇవాళ ఏ జిల్లాలో ఉందో చెప్పే చిన్న టేబుల్ ఒకటి పెట్టుకుని, పాత బిల్లులను కూడా దాని మీదుగా ఇప్పటి జిల్లాల్లోకి తేవాలి.

```sql
LEFT JOIN mandal_district m
  ON m.mandal_code = c.mandal_code
```

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. 2020లో ముద్రించి పంపిన రిపోర్టులోని వరంగల్ అర్బన్ అంకె ఇప్పుడు ఎక్కడా కనబడదు. పెరుగుదల చూడాలంటే ఇప్పటి సరిహద్దులు కావాలి, పాత రిపోర్టుతో సరిపోల్చాలంటే అప్పటి సరిహద్దులు కావాలి. రెండూ ఒకే పట్టికలో కుదరవు. మన రిపోర్టు ఏ సరిహద్దులు వాడుతుందో నోట్‌లో తేటగా రాయాలి, రిపోర్టు అడుగున కూడా రాయాలి. మండలం నమోదు కాని బిల్లులను ఊహించి ఎక్కడో ఒకచోట పడేయకూడదు. ‘జిల్లా తేలనివి’ అని వేరే వరుసలో చూపించాలి. ఆ వరుస మొత్తం నెలనెలా పెరుగుతుంటే, కౌంటర్ల దగ్గర మండలం నింపడం మానేశారన్నమాట. ఆ మాట దుకాణాలకు చేరవేయాల్సింది రిపోర్టు చేసే మనిషే, అదీ నోట్‌లో ఉండాలి.

నోట్ రాసి ఇచ్చాక ఒక నెల ఇద్దరూ రిపోర్టు విడివిడిగా చేయాలి. వెళ్లేవాళ్లు పాత పద్ధతిలో, వచ్చినవాళ్లు నోట్ చూసి మాత్రమే, పక్కన అడగకుండా. ఏ జిల్లా వరుసలో తేడా వస్తే అక్కడ నోట్‌లో ఏదో రాయకుండా వదిలేశారు. ఆ అంకెను అక్కడికక్కడే దిద్దేసి ఊరుకోకుండా, వదిలేసిన సంగతిని తేదీ వేసి నోట్‌లో చేర్చాలి. ఆ నెల పంపిన తుది అంకెలను వేరే టేబుల్‌లో భద్రపరచాలి. వాపసు వచ్చిన సరుకు పాత తేదీతో నమోదైతే, అదే క్వెరీ మూడు నెలల తర్వాత వేరే మొత్తం ఇస్తుంది. అప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే, పంపిన రోజున అంకె ఎంతో చూపించడానికి ఆ టేబుల్ ఒక్కటే ఉంటుంది.