మెయిల్‌లో సన్నాయి నొక్కులు

‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్’ అనే మాటకు ఉన్న అర్థం ‘నా గత మెయిల్‌లో రాసినట్టు’ అనే. ఆఫీసులో దాన్ని అందుకున్నవారికి వినిపించేది మాత్రం ‘చెప్పాను కదా, చదవలేదా?’ అని. పైకి మర్యాదగా ఉంటూ లోపల కోపం దాచుకున్న ఇలాంటి తీరును పాసివ్ అగ్రెసివ్ అంటారు. 1945లో అమెరికా సైన్యం వైద్య పత్రాల్లో మనోవైద్యుడు విలియం మెనింజర్ వాడకతో ఈ పేరు స్థిరపడింది. ఎదురు తిరగకుండానే ముఖం ముడుచుకుని, పని సాగదీసి, ఆజ్ఞలను పక్కకు నెట్టే సైనికుల ప్రవర్తనకు పెట్టిన పేరది. తెలుగు ఇళ్లలో ఇదే గుణం మాటల్లోకి దిగితే సన్నాయి నొక్కులు అంటారు.

ఇవి మెయిళ్లలోకి వచ్చిన దారుల్లో ఒకటి ఫైళ్ల భాష. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాల్లో పైన ‘విషయం’, దాని కింద ‘సూచిక’ ఉంటాయి. పాత లేఖ నంబరు, తేదీ సూచికలో రాస్తారు. అందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. మూడేళ్ల తర్వాత ఆ ఫైలు తెరిచే కొత్త గుమస్తాకు దారి దొరకాలని అలా రాస్తారు. అదే పద్ధతి ఇద్దరు మనుషుల మధ్య నడిచే మెయిల్‌లోకి వచ్చినప్పుడు స్వభావం మారిపోతుంది. పాత మెయిల్ అవతలివారి దగ్గరే ఉంది, అదే వరుసలో కిందనే కనిపిస్తోంది. ఇక దాన్ని వేలుపెట్టి చూపించడం దారి చూపడం కాదు, వేలెత్తి చూపడమే అవుతుంది.

‘జెంటిల్ రిమైండర్’ కథ ఇంకొంచెం విచిత్రం. గుర్తుచేయడం మొరటుగా ఉంటుందేమోనన్న మొహమాటంతో ‘జెంటిల్’ చేర్చారు. అందరూ ప్రతిసారీ చేర్చేసరికి ఆ మెత్తదనమే ఒక హెచ్చరికగా మారింది. ఎవరైనా ‘మర్యాదగా చెబుతున్నాను’ అన్నారంటే మర్యాద అయిపోవచ్చిందని తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు.

ఎదురెదురుగా ఉన్నప్పుడు ఈ మాటలు ఇంత గుచ్చుకోవు. గొంతు, నవ్వు, చివర ఒక ‘అండీ’ వాటి పదును తగ్గిస్తాయి. మెయిల్‌లో అవేవీ ఉండవు, కానీ రాసేవారికి తమ గొంతు తమకు వినిపిస్తూనే ఉంటుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి దీన్ని కొలిచింది. కొన్ని వాక్యాలు వ్యంగ్యంగా, కొన్ని మామూలుగా పంపించి, అందుకున్నవారు తేడా పోల్చగలరో లేదో చూశారు. 78 శాతం పోల్చుకుంటారని పంపినవారు అనుకున్నారు. మెయిల్‌లో చదివినవారు 56 శాతమే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది. గొంతు విన్నవారికి ఆ ఇబ్బంది లేదు.

ఇలాంటి మాట సాధారణంగా మొదటి మెయిల్‌లో రాదు, రెండో దాంట్లో పుడుతుంది. దాని విత్తనం మాత్రం మొదటి దాంట్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, విజయవాడలో బ్రాంచి ఉన్న ఒక సంస్థను ఊహించుకుంటే సంగతి తేటపడుతుంది. నెల 3వ తేదీన అకౌంటెంట్ బ్రాంచి మేనేజర్‌కు రాసింది: ‘గత నెల సేల్స్ బిల్లుల జాబితా ఏఎస్‌ఏపీ పంపగలరు.’ జవాబు రాలేదు. 6న ‘జెంటిల్ రిమైండర్’ అన్న రెండే మాటలు వెళ్లాయి. 8న పైఅధికారిని సీసీలో పెట్టి, ‘కింది మెయిళ్లు చూడగలరు. ఇప్పటికైనా పంపితే సంతోషిస్తాం’ అని రాసింది. గంటలో జవాబు వచ్చింది: ‘నోటెడ్. ఇది 4నే మీ టీమ్‌కు పంపడమైంది. మరోసారి జతచేస్తున్నాను.’ ఆయన నిజంగానే పంపారు. కాకపోతే అంతకుముందు నెల ఈ పని చూసిన మరో ఉద్యోగికి పంపారు.

ఆ జాబితా కావలసింది జీఎస్‌టీఆర్-1 రిటర్న్ కోసం. దానికి గడువు 11వ తేదీ. ఆమె రాసిన మూడు మెయిళ్లలో 11 అన్న అంకె ఒక్కచోటా లేదు. ఎవరికి పంపాలో లేదు, ఎందుకో లేదు. ‘ఏఎస్‌ఏపీ’ అంటే ఆమె దృష్టిలో రేపు. స్టాకు లెక్కల్లో మునిగిన బ్రాంచికి అది ఈ వారంలో ఎప్పుడో. ఆ ఖాళీని చిరాకు నింపింది.

అందుకే తటస్థంగా రాయడమంటే చేదు మాట తీసి తీపి మాట పెట్టడం కాదు. నింద ఉన్నచోట సమాచారం పెట్టడం. మొదటి మెయిల్ ఇలా ఉండవచ్చు: ‘గత నెల సేల్స్ బిల్లుల జాబితా 7వ తేదీ సాయంత్రం 5 గంటలలోపు నాకు పంపండి. 11న జీఎస్‌టీఆర్-1 వేయాలి, సరిచూడటానికి రెండు రోజులు పడుతుంది. 7కు కుదరకపోతే ఎప్పటికి వీలవుతుందో చెప్పండి.’ 7 దాటాక రెండోది: ‘జాబితా నాకింకా చేరలేదు. వేరెవరికైనా పంపి ఉంటే చెప్పండి, వారి దగ్గర తీసుకుంటాను.’ ఇక్కడ ‘మీరు పంపలేదు’ అనకుండా ‘నాకు చేరలేదు’ అనడం మొహమాటం కాదు. రాసే మనిషికి నిజంగా తెలిసింది అంతవరకే. ఈ ఒక్క వాక్యం వెళ్లి ఉంటే జాబితా పక్క టేబుల్ దగ్గరే దొరికేది.

పైఅధికారిని సీసీలో చేర్చడమూ ఒక మాటే, చెప్పకుండా చేస్తే అది ఫిర్యాదుగానే చేరుతుంది. చేర్చక తప్పనప్పుడు కారణం మెయిల్‌లోనే ఉండాలి: ‘11 దాటితే మన కొనుగోలుదారులకు ఈ నెల జీఎస్‌టీఆర్-2బీలో ఈ బిల్లుల క్రెడిట్ కనిపించదు. ఆ సంగతి తెలియాలని మేనేజర్‌గారిని కూడా చేర్చాను.’ జవాబు వైపు ‘నోటెడ్’ కూడా అంతే. అది ఒప్పుకోలో విసుగో తెలియదు. ‘అందింది, రేపు మధ్యాహ్నానికి పంపుతాను’ అంటే అనుమానానికి చోటుండదు.

పంపేముందు అనుమానంగా ఉన్న వాక్యాన్ని ఒకసారి కొట్టేసి చూడాలి. అది లేకపోయినా చేయాల్సిన పని అవతలివారికి పూర్తిగా తెలుస్తుంటే, ఆ వాక్యం వారికోసం రాసింది కాదు, రాసినవారి కోపం తీరడానికి రాసింది. ‘ఇప్పటికైనా’ ఈ పరీక్షలో నిలవదు. ‘మనం మాట్లాడుకున్నట్టు’ ఒక్కోసారి నిలుస్తుంది. ఫోన్‌లో అనుకున్న ధర, తేదీ ఆ వెంటనే రాస్తే అది రికార్డు. ఏమీ రాయకుండా వదిలేస్తే దెప్పిపొడుపు.

ఆలస్యం ప్రతి నెలా జరుగుతుంటే తటస్థ వాక్యాలు సరిపోవు. అప్పుడు ఫిర్యాదును దాచకుండా, సీసీ లేకుండా, విడిగా చెప్పడమే నయం: ‘మూడు నెలలుగా జాబితా 9 తర్వాతే వస్తోంది. ఎక్కడ ఆగుతోందో ఒక పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడదామా?’ ఇందులో మాట సూటిగానే ఉంది, వెటకారం లేదు.

కింది ఉద్యోగి పైకి రాసేటప్పుడు ఇంత సూటిగా రాయడం కష్టం. అక్కడే ‘మీ తీరికలేని పనుల్లో గమనించి ఉండకపోవచ్చు’ లాంటి అతివినయం దొర్లుతుంది. చదివే అధికారికి అది ‘మీరు పట్టించుకోలేదు’ అనే వినిపిస్తుంది. అధికారికి నిజంగా కావలసింది నిర్ణయానికి పనికొచ్చే తేదీ: ‘ఈ కొటేషన్ 14 వరకే చెల్లుతుంది సర్. మీ ఆమోదం 13లోగా వస్తే ఇదే ధరకు ఆర్డరు పెట్టవచ్చు.’